తొంభై దాటకురా

తొడ వెనక కండరం గురించి నాకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళుగా అదే నా కూడు. ఆటగాళ్ళను పరుగెత్తించడం, ఆపడం, తిప్పడం, మళ్ళీ పరుగెత్తించడం, సీజన్ మొదలయ్యేలోపు వాళ్ళ కాళ్ళు తొంభై నిమిషాలు నిలబడేలా తయారుచెయ్యడం నా ఉద్యోగం. ఫుట్‌బాల్ క్లబ్బులో దాన్ని ఫిట్‌నెస్ కోచ్ అంటారు. ఆటగాళ్ళు నా వెనకాల ఇంకేదో అంటారు. అదీ నాకు తెలుసు, విననట్టు ఊరుకుంటాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసింది తెలియక చేసిన తప్పు కాదు. తెలియనివాడికి ఆ తప్పు చెయ్యడం కూడా చేతకాదు.

మా ఆవిడ తమ్ముణ్ణి మైదానంలో అందరూ తూనీగ అంటారు. కుడివైపు గీత వెంట ఆడతాడు. బంతి తీసుకుని దూసుకుపోతూ ఉన్నట్టుండి లోపలికి తిరిగాడంటే, ఎదురుగా ఉన్నవాడు గడ్డి మీద చతికిలబడాల్సిందే. వాడికి ముప్పై ఏళ్ళు. ఏడాదిన్నరలో ఎడమ తొడ వెనక కండరం రెండుసార్లు చిరిగింది. రెండోసారి చిరిగాక పాత క్లబ్బు వాళ్ళు వాడికి పూలగుత్తి ఇచ్చి, చెయ్యి కలిపి, మర్యాదగా బయటికి పంపించారు. ఎనిమిది నెలలు ఏ క్లబ్బూ ఫోన్ ఎత్తలేదు.

అప్పుడు నేనే మా పెద్ద కోచ్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆయన పళ్ళ మధ్య ఏదో ఇరుక్కున్నవాడిలా మొహం పెట్టి విన్నాడు.

"ఆరు వారాలు చూస్తాను. సీజన్ ముందు ఆఖరి ప్రాక్టీస్ మ్యాచ్ అయ్యాక చెబుతాను. నిలబడ్డాడా, రెండేళ్ళ కాంట్రాక్టు. నిలబడలేదా, నా బావమరిది, మా ఆవిడ తమ్ముడు అని నా ప్రాణం తియ్యకూడదు."

"సరే సార్."

"వాడి కాలికి పూచీ నీది."

"నాదే సార్."

అంత గొప్పగా అనేశాను. ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. "వాడికి బంతి తన్నడం తప్ప ఇంకేం రాదండీ. చదువు ఎలాగూ అబ్బలేదు. ఇదీ పోతే వాడేమైపోతాడో అని నాకు భయం. మీ చేతుల్లో పెడుతున్నాను," అంది. మరుసటి రోజే తూనీగ రెండు సంచులతో దిగాడు. మా ముందుగది వాడిదైంది. మా సోఫా మీద వాడి మేజోళ్ళు ఆరడం మొదలైంది.

మొదటి రోజు పొద్దున్నే అందరికీ వేగం పరీక్ష. ఒంటికి బిగుతుగా ఉండే చిన్న బనియను లాంటిది వేస్తాం, దాని వెనక, రెండు భుజాల మధ్య, అగ్గిపెట్టెంత యంత్రం ఉంటుంది. ఎంత దూరం పరుగెత్తాడు, ఎంత వేగంతో పరుగెత్తాడు, ఎన్నిసార్లు ఆగి తిరిగాడు, అన్నీ అది లెక్క పెడుతుంది. బాగా ఒళ్ళు వేడెక్కించాక నలభై మీటర్లు పూర్తి శక్తితో పరుగెత్తాలి. అందులో వచ్చిన వేగాన్ని లాప్‌టాప్‌లో "గరిష్ఠ వేగం" అనే గడిలో పెడతాం. ఆరు వారాలూ ఆ ఒక్క గడి మీదే బతుకుతాం. ఎందుకంటే తర్వాత వచ్చే ప్రతి పరుగునూ ఆ లాప్‌టాప్ దానితోనే పోల్చి నూటికి ఇంత అని చూపిస్తుంది. తక్కువైతే పసుపు, సరిపోతే ఆకుపచ్చ, ఎక్కువైతే ఎరుపు. కిలోమీటర్లు ఎవరూ చూడరు. రంగులు చూస్తారు.

తూనీగ వంతు వచ్చింది. వాడు గీత మీద నిలబడి కాళ్ళు విదిలించుకుంటున్నాడు. తడి గడ్డి మీద వాడి ఎడమ కాలు చూశాను. రెండోసారి చిరిగిన రోజు నేనూ మా ఆవిడా గ్యాలరీలోనే ఉన్నాం. తమ్ముడు తొడ పట్టుకుని కూలబడగానే ఆవిడ మొహం పాలిపోయింది. రెండు రోజులు ముద్ద దిగలేదు. ఆ మొహం మళ్ళీ చూడటం నా వల్ల కాదనిపించింది. వాడి దగ్గరికి నడిచి, ఎవరికీ వినపడకుండా అన్నాను.

"తొంభై దాటకురా."

"ఏంటి?"

"నూటికి తొంభై. అంతకు మించి లాగకు. మొదటిరోజే కాలు తెగ్గొట్టుకుంటే అక్క నన్ను బతకనివ్వదు."

"అదేంటి బావా! ఎంత లాగగలనో చూడ్డానికే కదా ఈ పరుగు?"

"నోర్మూసుకుని చెప్పింది చెయ్యి."

వాడు నవ్వి, చెప్పినట్టే చేశాడు. అందంగా, తేలిగ్గా, పెళ్ళికి వెళుతున్నవాడిలా పరుగెత్తాడు. ఇరవై తొమ్మిది పాయింట్ ఎనిమిది. గంటకు అన్ని కిలోమీటర్లు. ఆ అంకెను "గరిష్ఠ వేగం" గడిలో పెట్టాను. మూడో వారంలో కాలు కుదుటపడ్డాక మళ్ళీ కొలిచి మార్చుకుందాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆ తర్వాత పని మొదలైంది. పని విషయంలో మాత్రం నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. మంగళవారం, గురువారం పదే పదే వేగంగా పరుగెత్తే కసరత్తు. ముప్పై మీటర్ల పరుగు, ఇరవై సెకన్ల విశ్రాంతి, మళ్ళీ పరుగు. అలా ఆరు. నాలుగు నిమిషాలు ఊపిరి పీల్చుకుని ఇంకో ఆరు. మూడో వారానికి ఇంకో ఆరు. మ్యాచ్‌లో ఒకసారి వేగంగా పరుగెత్తడం ఎవడైనా చేస్తాడు, ఊపిరి అందకముందే రెండోసారి, మూడోసారి అదే వేగంతో వెళ్ళేవాడే నాకు కావాలి. మొదటి పరుగుకీ ఆఖరి పరుగుకీ వేగం ఎంత పడిపోయిందో చూస్తాం. తూనీగకు మొదటివారం నూటికి ఎనిమిది పడిపోయేది. నాలుగో వారానికి నాలుగు కూడా పడలేదు. జట్టులో ఇరవై ఏళ్ళవాళ్ళు గడ్డి మీద పడి కక్కుకుంటుంటే వీడు నడుము మీద చేతులు పెట్టుకుని, "ఇంకేమైనా ఉందా బావా, ఇంటికి పోదామా?" అనేవాడు.

దిశ మార్చే కసరత్తు వేరే. పదిహేను మీటర్లు పోయి, గీత మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి పదిహేను మీటర్లు. ఒకరోజు కొద్దిగా పక్కకి, ఒకరోజు సరిగ్గా అడ్డంగా, ఒకరోజు పూర్తిగా వెనక్కి. ఎక్కువమంది తిరిగే అడుగులోనే ఆగాలని చూస్తారు, అక్కడే మోకాలు పోతుంది. ఆగడం దానికి ముందు అడుగులోనే మొదలవ్వాలి. "నడుము దించు! అడుగులు చిన్నవి చెయ్యి! ముందు అడుగులో బ్రేకు పడాలిరా, ఆఖర్లో కాదు!" అని నేను గొంతు పోయేలా అరిచేవాణ్ణి. తూనీగకు అరవక్కర్లేదు. వాడు పుట్టుకతోనే అలా తిరుగుతాడు.

తొడ వెనక కండరానికి బలం ఇచ్చే కసరత్తు వారానికి రెండుసార్లు. మోకాళ్ళ మీద నిలబడాలి, వెనకాల ఒకరు చీలమండలు గట్టిగా పట్టుకోవాలి, ఒంటిని నిటారుగా ఉంచి నెమ్మదిగా ముందుకు వాలుతూ, పడిపోకుండా తొడ వెనక కండరంతోనే బరువంతా ఆపుకోవాలి. మంగళవారం మైదానం పని అయిపోయాక ఒకసారి. శనివారం, మర్నాడు సెలవు కాబట్టి, మా ఇంట్లో దుప్పటి పరుచుకుని ఇంకోసారి. చీలమండలు పట్టుకునేది మా ఆవిడ.

"చిన్నప్పుడు వీణ్ణి చంకన మోశాను. ఇప్పుడు కాళ్ళు పట్టుకుంటున్నాను. నా రాత చూడండి," అనేది.

"గట్టిగా పట్టుకో అక్కా, మూతి పగులుతుంది."

"పగలనీ. అప్పుడైనా అద్దం ముందు గంటసేపు నిలబడటం మానతావు."

మొదట్లో సగం వాలకముందే ఢామ్మని చేతుల మీద పడేవాడు. ఐదో వారానికి ముక్కు నేలకు జానెడు దూరం వచ్చేదాకా ఆపుకోగలిగాడు. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆ ఇంట్లో అంత నవ్వు అంతకుముందెప్పుడూ లేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎందుకంటే అసలు మందు అది కాదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఆ క్లబ్బులో లేడు. పూర్తి వేగంలో ఉన్నప్పుడు కాలు ముందుకు ఊగి, నేలను తాకబోయే ముందు, తొడ వెనక కండరం సాగుతూనే ఆ కాలిని పట్టి ఆపాలి. చిరిగేది అక్కడే. దానికి అలవాటు పడాలంటే ఆ వేగంలోనే పరుగెత్తాలి, వేరే దారి లేదు. పదిహేను మీటర్లకోసారి తిరిగే పరుగుల్లో ఊపిరి పోతుంది, తొడ ముందు భాగం మండుతుంది, గజ్జలు పట్టేస్తాయి, కానీ ఆ వేగం రాదు. ముప్పై మీటర్లలో కూడా అలసిపోయినవాడికి రాదు. అందుకే వారానికి రెండుసార్లు, కాళ్ళు తాజాగా ఉన్నప్పుడు, మిగతా పనికి ముందు, రెండు మూడు పొడుగు పరుగులు పెట్టి గరిష్ఠ వేగంలో తొంభై ఐదు శాతం దాటిస్తాం. టీకా వేసినట్టు. ఈ ముక్క ప్రతి సీజన్ ముందూ బల్ల గుద్ది చెబుతాను.

తూనీగ కూడా పరుగెత్తాడు. నా చేతిలోని టాబ్లెట్‌లో వాడి వేగం కనపడుతూ ఉండేది. ఇరవై ఎనిమిది దాటగానే తొంభై ఐదు అని ఆకుపచ్చ వెలిగేది. "చాలు!" అని అరిచేవాణ్ణి. వాడు ఆగిపోయేవాడు. ఆరు వారాల్లో పన్నెండుసార్లు ఆకుపచ్చ వెలిగింది. ఇరవై తొమ్మిది పాయింట్ ఎనిమిదిలో తొంభై ఐదు.

మూడో వారంలో మా ఫిజియో నా గదికి వచ్చింది. ముప్పై దాటని పిల్ల, మాట మాత్రం ముక్కుసూటి.

"అన్నా, తూనీగని మళ్ళీ ఎప్పుడు కొలుస్తున్నారు? కాలి బలం రెండువైపులా సమానంగా ఉంది. నా వైపు నుంచి ఏ అడ్డూ లేదు."

"ఈ వారం మైదానం తడిగా ఉందమ్మా."

"వచ్చే వారం?"

"చూద్దాం."

వచ్చే వారం ఎండ కాసింది. ప్రాక్టీస్ మ్యాచ్ దగ్గర్లో ఉందన్నాను. ఆ పైవారం కాళ్ళు అలసి ఉన్నాయన్నాను. ఒక్కో సాకూ విడిగా చూస్తే ముచ్చటగానే ఉంది. నిజమేమిటంటే నాకు భయం. కొలిచే పరుగులోనే చిరిగితే అది నా ఎదురుగా, నా చేతుల మీదుగా జరుగుతుంది. ఫిజియో రెండోసారి అడిగినప్పుడు, "నాకు పని నేర్పుతావా?" అన్నాను. ఆ పిల్ల మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది. ఇక అడగలేదు.

అడిగింది ఇంకొకడు. ఐదో వారంలో, కారులో ఇంటికి వస్తుంటే, తూనీగ కిటికీలోంచి చూస్తూ మెల్లగా అన్నాడు.

"బావా, ఆ పొడుగు పరుగుల్లో నాకు సగంలోనే ఆగిపోయినట్టుంటోంది. నేనింకా అసలు పరుగు అందుకోకముందే నువ్వు చాలు అంటున్నావు."

"తొంభై ఆరు చూపిస్తోందిరా."

"ఏమో మరి. నాకలా అనిపించట్లేదు. పాత క్లబ్బులో ముప్పై నాలుగు దాకా వెళ్ళేవాణ్ణి."

ఆ సంగతి నాకు తెలుసు. పాత క్లబ్బు పంపిన కాగితాల్లో చూశాను. ముప్పై నాలుగు పాయింట్ ఒకటి. మూడేళ్ళ కిందటిది కదా అని పక్కన పడేశాను. ముప్పై ఏళ్ళు వచ్చాయి, రెండుసార్లు చిరిగింది, ఇంకా అంత వేగం ఎక్కడిది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చివరికి ఆ ఇరవై తొమ్మిది పాయింట్ ఎనిమిదిని నిజంగానే నమ్మేశాను. నేను చెప్పబట్టే వాడు అంతటితో ఆగాడన్నది నా బుర్రలోంచి ఎలా జారిపోయిందో, ఇవాళ్టికీ నాకు అంతు పట్టదు.

నా పనిని తప్పుపట్టాడని ఒళ్ళు మండింది. "ఒరేయ్, నీకింకా ఇరవై అనుకుంటున్నావా? ఆ ముప్పై నాలుగు ఇక రాదు. ఎప్పటికీ రాదు. ఉన్నదాంతో ఆడటం నేర్చుకో," అన్నాను.

వాడు మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. కారు దిగేటప్పుడు, "నువ్వు చెప్పింది నిజమేలే బావా. నాకే ఇంకా బుద్ధి రాలేదు," అన్నాడు. గెలిచాననుకున్నాను నేను.

మొదటి రెండు ప్రాక్టీస్ మ్యాచుల్లో వాడికి పొడుగు పరుగు పడలేదు. ఎదుటి జట్లు వెనకే గుంపుగా నిలబడ్డాయి, వీడి పనంతా చిన్న చిన్న పరుగులు, తిప్పుళ్ళు. రెండో మ్యాచ్ తర్వాత వాడి పేరు పక్కన తొంభై తొమ్మిది శాతం చూపించింది, ఇంటికి వచ్చి మా ఆవిడకు గొప్పగా చెప్పాను. ఆవిడ తమ్ముడికి ఎక్కువ వడ్డించింది.

ఆఖరి మ్యాచ్ ఆదివారం సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే మొదలైంది. తూనీగ ఆ రోజు ఆడిన ఆట గురించి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. మొదటి సగంలో ఎదుటి జట్టు ఎడమ డిఫెండరును నాలుగుసార్లు తిప్పేశాడు. ఒక గోల్ వీడు ఇచ్చిన బంతిమీదే వచ్చింది. విరామంలో పెద్ద కోచ్ నా పక్కగా పోతూ నా భుజం తట్టాడు. ఆయన భుజం తట్టడం పంతొమ్మిదేళ్ళలో అది రెండోసారి. గ్యాలరీలో మా ఆవిడ లేచి నిలబడి నాకు చెయ్యి ఊపింది.

రెండో సగం ఏడో నిమిషం. ఎదుటి జట్టు మొత్తం ముందుకు వచ్చేసింది. మా మిడ్‌ఫీల్డర్ బంతిని వాళ్ళ వెనకకు పంపించాడు. కుడివైపు సగం మైదానం ఖాళీ. తూనీగ, డిఫెండరు, పక్కపక్కన పరుగు అందుకున్నారు. పది మీటర్లు సమానం. ఇరవై మీటర్లు సమానం. అక్కడ తూనీగ ఒక గేరు మార్చాడు. ఆరు వారాల్లో ఒక్కసారి కూడా నేను చూడని పరుగు అది. ఒళ్ళు నిటారుగా లేచింది, అడుగులు పొడుగయ్యాయి, డిఫెండరు వెనకబడిపోయాడు. బెంచీ మీద అందరూ లేచారు. నేను లేవలేదు. నా నోటి నుంచి "చాలు" అన్న మాట దానంతట అదే వచ్చింది. వాడికి ఎక్కడ వినపడుతుంది!

ఎడమ కాలు ముందుకు ఊగినప్పుడు చెయ్యి తొడ వెనక్కి పోయింది. రెండు కుంటడుగులు వేసి, బంతిని అలా పోనిచ్చి, గడ్డి మీద బోర్లా పడ్డాడు. మొహం గడ్డిలో పెట్టుకున్నాడు. ఎత్తలేదు. ఫిజియో నాకంటే ముందు చేరింది. నేను వెళ్ళేసరికి వాడు ఒకటే మాట అంటున్నాడు. "అయిపోయింది. అయిపోయింది."

స్ట్రెచర్ వెళ్ళిపోయాక, మ్యాచ్ అయిపోయాక, నా గదిలో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. అలవాటు. ప్రతి మ్యాచ్ తర్వాతా తెరుస్తాను. జట్టంతా ఆకుపచ్చగా ఉంది. తూనీగ పేరున్న వరుస ఎర్రగా ఉంది. గరిష్ఠ వేగంలో నూట పన్నెండు శాతం.

ఎవడైనా తన గరిష్ఠ వేగంలో నూట పన్నెండు శాతం ఎలా పరుగెత్తుతాడు? యంత్రం పాడైందేమో అనుకున్నాను. ఒక్క క్షణం అలా అనుకోనివ్వండి. తర్వాత కిలోమీటర్లు చూశాను. ముప్పై మూడు పాయింట్ నాలుగు. యంత్రం పాడవలేదు. ఆ ముప్పై మూడు పాయింట్ నాలుగులో తొంభై ఎంతో కాగితం మీద లెక్క వేశాను. ముప్పై. మొదటిరోజు వాడు పరుగెత్తింది ఇరవై తొమ్మిది పాయింట్ ఎనిమిది. పిచ్చివెధవ, తొంభై అంటే సరిగ్గా తొంభై పరుగెత్తాడు. నా మాట అక్షరాలా విన్నాడు.

పన్నెండు ఆకుపచ్చలూ ఒక్కొక్కటే తెరిచి చూశాను. నేను తొంభై ఐదు అనుకున్న ప్రతిదీ నిజానికి ఎనభై ఐదు. ఆ కాలు ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుంది, ఆ తర్వాత ఆరు వారాలు నేను కూర్చోబెట్టాను. వాడి ఊపిరి తయారైంది, మలుపులు తయారయ్యాయి, మోకాళ్ళ మీద ముక్కు నేలకు జానెడు దూరం వచ్చేదాకా బలం వచ్చింది. అసలు వేగం మాత్రం ఆ కండరం ఆదివారం సాయంత్రం, కాంట్రాక్టు తేలే మ్యాచ్‌లోనే మొట్టమొదట చూసింది. కాపాడుతున్నాననుకుని వాడికి ఆ ఒక్కటీ దక్కకుండా చేశాను. తల బల్లకు ఆనించాను. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

సోమవారం పొద్దున స్కాన్ తీశారు. కండరం, దాని లోపలి నరం లాంటి గట్టి తాడు, రెండూ చిరిగాయి. తక్కువలో తక్కువ పన్నెండు వారాలు. సీజన్‌కు ఆటగాళ్ళ పేర్లు నమోదు చెయ్యడానికి గడువు ఇంకా తొమ్మిది రోజులే. పెద్ద కోచ్ కాగితం చదివి కళ్ళజోడు తీశాడు.

"మంచి ఆటగాడు. నాకూ బాధగానే ఉంది. కానీ ఒకే కాలికి మూడోసారి. ఆ కాలు ఇక ఇంతే. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు."

"సార్..." అన్నాను.

"నీ చార్టులు చూశానయ్యా. అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. నిన్నెవరూ తప్పుపట్టరు."

చెప్పాలని నోరు తెరిచాను. ఆయన ఫోన్ మోగింది, నేను బయటికి వచ్చేశాను. వరండాలో ఫిజియో ఎదురైంది. నన్ను చూసి, పక్కకి తప్పుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లకు అర్థమైపోయిందని నాకు అర్థమైంది. నాలుగు తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాను. తూనీగ ముందుగదిలో సోఫా మీద కాలు చాపుకుని ఉన్నాడు, తొడ కింద దిండు, ఊతకర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. మొహం చూసి ఆశ్చర్యపోయాను. ప్రశాంతంగా ఉన్నాడు. కూర్చోమని జరిగాడు.

"నువ్వలా మొహం వేలాడేసుకోకు బావా. చూడలేకపోతున్నాను. ఎవరూ పిలవని రోజు నువ్వు తీసుకొచ్చావు. ఇంట్లో పెట్టుకున్నావు. నీ వంతు నువ్వు చేశావు. కాలే చేతకానిదైతే నువ్వేం చేస్తావు?"

ఇంక భరించలేకపోయాను. చెప్పేశాను. మొదటిరోజు గీత మీద అన్న మాట, గడిలో పెట్టిన అంకె, మూడో వారం సాకులు, పన్నెండు ఆకుపచ్చలు, ఎనభై ఐదు, నూట పన్నెండు. ఒక్కటీ దాచలేదు. అంతా అయ్యాక వాడు ఒక్క ప్రశ్న వేశాడు.

"నిన్న ఎంత పరుగెత్తాను?"

"ముప్పై మూడు పాయింట్ నాలుగు."

"ముప్పై మూడా?" వాడి మొహం విప్పారింది. చిన్నపిల్లాడిలా నవ్వాడు. "అంటే నాకింకా ఉందన్నమాట! కారులో నేను చెప్పలా? నాకు తెలుస్తూనే ఉంది బావా, లోపల ఇంకా ఉందని తెలుస్తూనే ఉంది."

"ఉందిరా. నేనే రానివ్వలేదు."

నవ్వు అలాగే కొంచెంసేపు ఉండి, మెల్లమెల్లగా పోయింది. కాలి వంక చూసుకున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు వాడి గొంతులో కోపం లేదు. ఉంటే లేచి వాడి కాళ్ళ మీద పడేవాణ్ణి.

"నువ్వు చెప్పకుండా ఉండాల్సింది బావా."

"ఎలా చెప్పకుండా ఉంటానురా?"

"పొద్దున్న స్కాన్ గది బయట కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాను. కాలు అయిపోయింది, వయసు అయిపోయింది, ఇక చాలు అని. ఏడ్చేశాను, ఏడ్చాక తేలికైంది కూడా. పోయినదాని గురించి ఏడవొచ్చు. ఇప్పుడేమో కాలు బాగానే ఉండిందంటున్నావు." తొడ కింది దిండు సర్దుకుని మళ్ళీ అన్నాడు. "మూడుసార్లు చిరిగినవాణ్ణి ఇక ఎవడూ పిలవడు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ వేగాన్ని ఇప్పుడు నేనేం చేసుకోను?"

వాడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం రానివ్వలేదు.

మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏంట్రా? ఏమైందండీ?"

నేను నోరు తెరిచేలోపే తూనీగ మోచేత్తో కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగాడు.

"ఏం లేదక్కా. కొంచెం నొప్పిగా ఉంది. బావ ధైర్యం చెబుతున్నాడు."

ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపులో ఎంత కృతజ్ఞత ఉందో నేను చెప్పలేను. అవునా అన్నట్టు చూస్తూ నిలబడింది.

నేను అవునన్నాను.